గంట కొట్టే ముందు పదిహేను నిమిషాలు



"మా గుడ్డు ఉప్పెయ్యకుండానే తేలిపోయిందండి."

కోనసీమలో ఒక ఊరి బడి వరండాలో, ఏడో తరగతి చదివే ఒక పాప కొన్నేళ్ల క్రితం నాతో అన్న మాట ఇది. అన్నప్పుడు ఆ పాప తల దించుకునే ఉంది. తప్పు చేశాననుకుంది పాపం. నిజానికి తప్పు చేసింది నేను. ఆ మాట గనక ఆ వేళ బయటికి రాకపోయి ఉంటే, నా తప్పు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ మాట ఎక్కడ, ఎలా బయటికి వచ్చిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

పిల్లలతో ఏదైనా పని చేయించాక, సామాను సర్దేశాక, ఇంటికి పంపే ముందు వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి "ఈ వేళ మీకు ఏం తెలిసింది" అని ఒక్కొక్కరి చేత చెప్పించే పద్ధతి ఉంది. శిక్షణ తరగతుల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లు చెబుతారు. మా పిల్లలు మాత్రం "గుండ్రం" అనేవారు. "మాస్టారూ, ఈ వేళ గుండ్రం ఉందాండీ?" అని అడిగేవారు. నేనూ అదే పేరు వాడతాను.

పాప ఆ మాట అన్న రోజు సంగతి చెబుతాను. జూన్ నెల చివరి వారం. మా వైపు సార్వా కోసం ఆకుమళ్లు పోసే రోజులు. పిల్లల్లో సగం మంది ఇళ్లలో విత్తనం బస్తాలు ఉన్నాయి. అందుకని పాఠం కూడా విత్తనం మీదే పెట్టాను. మంచి గింజనీ, తాలునీ ఉప్పు నీళ్లలో వేసి వేరు చేయడం. పాతకాలం రైతులకు తెలిసిన పనే ఇది. ముందు మంచినీళ్లలో గింజలు పోసి, పైకి తేలిన ఉత్త తాలు తీసెయ్యాలి. కానీ సగం పాలు పోసుకున్న గింజ మంచినీళ్లలో మునిగిపోతుంది. పైకి నిండు గింజలాగే ఉంటుంది గానీ దాంట్లో సత్తువ ఉండదు. దాన్ని పట్టుకోవాలంటే నీటి సాంద్రత పెంచాలి. కళ్లుప్పు వేసి కలుపుతూ పోవాలి. ఎంతవరకు వెయ్యాలో చెప్పడానికి కోడిగుడ్డే కొలత. తాజా గుడ్డు మంచినీళ్లలో అడుక్కి చేరి పక్కకి పడుకుంటుంది. ఉప్పు పెరిగే కొద్దీ లేస్తుంది. గుడ్డు తేలి, నీటిపైన రూపాయి బిళ్లంత మేర కనపడితే ఉప్పు సరిపోయినట్టు. అప్పుడు విత్తనం పోస్తే అరకొర గింజలన్నీ పైకి వస్తాయి. మునిగినవాటిని వెంటనే మంచినీళ్లలో రెండు మూడు సార్లు కడిగెయ్యాలి. ఉప్పు అంటుకుని ఉంటే మొలక దెబ్బతింటుంది.

తరగతిలో 24 మంది. నలుగురేసి చొప్పున 6 జట్లు. జట్టుకో ప్లాస్టిక్ బేసిన్, 5 లీటర్ల నీళ్లు, ఒక గుడ్డు, కళ్లుప్పు, రెండు గుప్పెళ్ల విత్తనం. విత్తనం ఎంటీయూ 7029, అంటే మన మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం. రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు. అందులో చివరి 15 నిమిషాలు గుండ్రానికి. ఇక్కడ మొదటి సంగతి. ఈ 15 నిమిషాలు మిగిలితే చేద్దాం అనుకుంటే ఎప్పుడూ మిగలవు. పని ఎప్పుడూ గంట దాకా సాగుతుంది. కాబట్టి పని ఎక్కడ ఆగినా సరే, 65వ నిమిషానికి చేతులు కడుక్కోమనాలి. ఆగిన పని రేపు చేసుకోవచ్చు. ఇంటికి వెళ్లిపోయిన పిల్ల నోట్లో మాట రేపటికి ఉండదు.

నేను జట్ల మధ్య తిరుగుతున్నాను. ఐదు జట్లలో అరకిలో పైచిలుకు ఉప్పు పడ్డాక గుడ్లు లేచాయి, అరకొర గింజలు పైకి వచ్చాయి. ఆరో జట్టు బేసిన్‌లో గుడ్డు చక్కగా తేలుతోంది, పైకి మాత్రం ఒక్క గింజా రాలేదు. "మీ విత్తనం బ్రహ్మాండంగా ఉందర్రా" అని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు మెచ్చుకున్నాక ఇంక నోరెత్తేది ఎవరు?

తర్వాత గుండ్రంలో కూర్చున్నాం. ఇక్కడ కొంచెం ఆగి, గుండ్రం ఎలా నడుస్తుందో చెప్పాలి. ఎందుకంటే మొదటి రెండేళ్లు నేను దాన్ని పూర్తిగా తప్పుగా నడిపాను.

అప్పట్లో నేను నిలబడేవాణ్ని, పిల్లలు కూర్చునేవాళ్లు. "ఈ వేళ ఏం నేర్చుకున్నారు?" అని అడిగేవాణ్ని. అడిగీ అడగ్గానే చెయ్యెత్తే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. వాడు లేచి "ఉప్పు నీటిలో తాలు గింజలు తేలును" అనేవాడు. "శభాష్" అనేవాణ్ని. అంతే. తక్కిన ఇరవై ముగ్గురూ అదే మాట అటూ ఇటూ తిప్పి చెప్పేవారు. మాస్టారికి ఏ మాట కావాలో తెలిసిపోయింది కదా! ఇంకెవరికీ ఆలోచించాల్సిన అవసరం లేదు. చివరికి "చాలా బాగుందండి" అనేవాళ్లు. నేను సంతోషించేవాణ్ని. ఏ ఒక్క పిల్లవాడి బుర్రలో ఏముందో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

తర్వాత ఒకటొకటే మార్చుకుంటూ వచ్చాను. మొదట, నేనూ నేలమీదే కూర్చున్నాను. రెండోది, ప్రశ్న మార్చాను. "ఏం నేర్చుకున్నారు" అంటే పిల్లలకి పరీక్షలా వినబడుతుంది. దాని బదులు, "పొద్దున్న తెలియనిది, ఇప్పుడు తెలిసింది ఒకటి చెప్పండి. అది దేన్ని చూసి తెలిసిందో చెప్పండి" అన్నాను. ఈ రెండో సగమే ప్రాణం. పుస్తకం చూసి చెప్పేవాడికి "దేన్ని చూసి" అనే దగ్గర కాలు ఆగిపోతుంది. బేసిన్‌లో చూసినవాడు గబగబా చెప్పేస్తాడు.

మూడోది, మౌనం. ప్రశ్న అడిగాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని, 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను మాత్రమే. ఆ ఒక్క సెకను మూడు సెకన్లయితే చాలు, పిల్లల జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. మూడు సెకన్లు అంటే ఎంతో మీకు వినిపిస్తాను, ఆగండి.

(మూడు సెకన్ల విరామం)

విన్నారా? రేడియో పాడైందేమో అనుకుని ఉంటారు కొందరు. టీచరుకీ తరగతిలో అలాగే ఉంటుంది. ఆ మౌనం భరించలేకే మనం జవాబు మనమే చెప్పేస్తాం.

నాలుగోది, పక్కవాడితో మాట. నిమిషం మౌనం అయ్యాక, ఇద్దరిద్దరు కలిసి 3 నిమిషాలు మాట్లాడుకుంటారు. పిల్లవాడు ఇరవై నాలుగు మంది ముందు మొదటిసారి నోరు తెరవడం కష్టం. పక్కన ఉన్న స్నేహితుడి చెవిలో ఒకసారి చెప్పుకున్న మాటైతే గుండ్రంలోకి తేలిగ్గా వస్తుంది. తర్వాత వరసగా ఒక్కొక్కరు. మనిషికి 20 సెకన్లు, 24 మందికి 8 నిమిషాలు. వరస ఎవరి దగ్గర మొదలు పెట్టాలన్నదీ ముఖ్యమే. ఫస్టు వచ్చే పిల్లవాడితో మొదలు పెడితే తక్కినవాళ్లు వాడి వెనకే నడుస్తారు. నేను నాకు ఎదురుగా, దూరంగా ఉన్నవాళ్లతో మొదలు పెట్టేవాణ్ని.

మాట్లాడేవారి చేతిలో ఒక వస్తువు ఉంటే మిగతావాళ్లు అడ్డు తగలరు. మా ఊళ్లో దొరికేది కదా అని మొదట ఎండిన కొబ్బరి చిప్ప తెచ్చాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. "మాస్టారు మా చేతికి చిప్ప ఇచ్చారర్రా" అని. ఆ నవ్వులో ఆ రోజు గుండ్రం కొట్టుకుపోయింది. మర్నాడు బొంగరం తెచ్చాను. బొంగరం చేతిలో ఉన్నవాడిదే మాట. చెప్పడానికి లేకపోతే "తర్వాత" అని బొంగరం పక్కకి ఇచ్చెయ్యొచ్చు. కానీ వరస అయిపోయాక బొంగరం మళ్లీ వాళ్ల దగ్గరికి ఒకసారి వెళుతుంది. ఈ రెండో అవకాశం ఊరికే పెట్టలేదు. ఎందుకో ఇప్పుడు చూడండి.

ఆ వేళ బొంగరం తిరుగుతోంది. ఒకబ్బాయి అన్నాడు: "ఉప్పు తగిలితే గింజ తేలికైపోద్దండి. అందుకే లేచిందండి." ఇది తప్పు. గింజ తేలికవ్వదు, నీళ్ల సాంద్రతే పెరుగుతుంది. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. కష్టం మీద మింగేశాను. వాడన్న మాటను వాడన్నట్టే నల్లబల్ల మీద రాశాను. నేను సరిదిద్ది ఉంటే రెండు నష్టాలు. వాడు ఇంక ఎప్పుడూ తన మాట చెప్పడు. వాడి తర్వాత వంతున్న పిల్లలు నా మాటే చెబుతారు. గుండ్రంలో టీచరు చెయ్యాల్సిన పని ఒక్కటే. పిల్లల మాటల్ని వాళ్ల మాటల్లోనే రాయడం. మెచ్చుకోనూ కూడదు, దిద్దనూ కూడదు. "శభాష్" అన్నా సరే, పక్కవాడికి దారి చూపించినట్టే.

ఆరో జట్టులోని పాప తన వంతు వచ్చినప్పుడు "తర్వాత" అంది. వరస పూర్తయ్యింది. బొంగరం మళ్లీ వచ్చింది. తల దించుకుని అప్పుడంది, మొదట నేను చెప్పిన మాట. "మా గుడ్డు ఉప్పెయ్యకుండానే తేలిపోయిందండి."

నేను నల్లబల్ల మీద రాస్తున్నవాణ్ని ఆగిపోయాను. వాళ్లకి నేనిచ్చిన గుడ్డు పాతది! గుడ్డు పాతబడే కొద్దీ పెంకులోంచి తేమ ఆరిపోయి లోపల గాలి గది పెద్దదవుతుంది. అందుకని మంచినీళ్లలోనే తేలుతుంది. గుడ్డు తేలింది కదా అని ఆ నలుగురూ గుప్పెడు ఉప్పు కూడా వెయ్యలేదు. ఉప్పు లేదు కనక అరకొర గింజలూ పైకి రాలేదు. నేనేమో "విత్తనం బ్రహ్మాండం" అన్నాను. అదే ఒక రైతు చేసి ఉంటే, పనికిరాని గింజల్ని మంచి విత్తనం అనుకుని ఆకుమడిలో చల్లుకునేవాడు.

నేను ఏమీ అనకముందే ఎదుటి వరస నుంచి ఇంకో పిల్ల "బొంగరం ఇలా ఇవ్వవే" అని తీసుకుని చెప్పింది: "మా అమ్మ కొట్టు నుంచి తెచ్చిన గుడ్డు నీళ్లలో వేసి చూస్తాదండి. తేలితే పారేస్తాదండి." అంతే. ఆరో జట్టులో నలుగురి మొహాలూ విప్పారాయి. గుడ్డును కొలతగా వాడే ముందు ఆ గుడ్డును మంచినీళ్లలో వేసి చూడాలి. నేను చెప్పడం మరచిపోయిన మెట్టు ఇది. దాన్ని పిల్లలే నాకు చెప్పారు.

మర్నాడు పాఠం ఎక్కడ మొదలైందో ఊహించే ఉంటారు. నల్లబల్ల మీద చెరపకుండా ఉంచిన ఆ రెండు మాటల దగ్గర. "గింజ తేలికైపోద్ది" అన్న అబ్బాయి చేతికే ఉప్పు నీళ్లలో తేలిన గింజలు ఇచ్చాను. కడిగి మంచినీళ్లలో వెయ్యమన్నాను. మునిగాయి. తీసి మళ్లీ ఉప్పు నీళ్లలో వెయ్యమన్నాను. తేలాయి. మూడుసార్లు అటూ ఇటూ వేసి చూసి వాడే అన్నాడు: "గింజ మారలేదండి. నీళ్లే మారాయండి." ఈ వాక్యం నేను ముందురోజే చెప్పి ఉంటే వాడు నోట్సులో రాసుకునేవాడు. ఇప్పుడది వాడి సొంతం. తర్వాత మునిగిన గింజలు 25, తేలిన గింజలు 25 వేర్వేరు తడిగుడ్డల్లో కట్టి పెట్టాం. నాలుగు రోజులకి విప్పితే మునిగినవాటిలో రెండు మూడు తప్ప అన్నీ మొలకెత్తాయి. తేలినవాటిలో సగానికి పైగా అలాగే ఉండిపోయాయి. ఉప్పు నీళ్ల లెక్క ఎందుకో అప్పుడు పూర్తిగా అర్థమైంది వాళ్లకి.

గుండ్రం వేరు, పాఠం సారాంశం వేరు. జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో పాఠం చివర్లో రెండు వేర్వేరు పనులు చేయిస్తారు. ఒకటి "మతోమె". అంటే తరగతి అంతా కలిసి ఈ వేళ తేల్చుకున్న విషయం ఒక వాక్యంలో రాసుకోవడం. రెండోది "ఫురికాయెరి". అంటే ఎవరికి వారు వెనక్కి తిరిగి చూసుకోవడం. నాకు ఏం అర్థమైంది, ఎక్కడ తికమక పడ్డాను అని. మనం చాలాసార్లు ఈ రెంటినీ కలిపేస్తాం. గుండ్రంలో కూర్చోబెట్టి పాఠం సారాంశం చెప్పిస్తాం. సారాంశం అందరికీ ఒక్కటే. వెనక్కి చూసుకోవడం మాత్రం ఎవరిది వాళ్లదే. ఇరవై నాలుగు మంది ఒకే మాట చెప్పారంటే అక్కడ జరిగింది సారాంశమే, గుండ్రం కాదు.

మరి గుండ్రం నిజంగా నడిచిందో లేదో ఎలా తెలుస్తుంది? నేను మూడు గుర్తులు చూసుకునేవాణ్ని.

మొదటి గుర్తు భాష. "తేలును", "మునుగును" అని వినబడితే అది పుస్తకంలోంచి వచ్చింది. "తేలిపోయిందండి", "లేచిపోద్దండి" అని వినబడితే అది బేసిన్‌లోంచి వచ్చింది. పిల్లవాడు ఇంటి భాషలోకి దిగాడంటే చూసింది చెబుతున్నాడని అర్థం. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. వ్యావహారిక భాష కోసం ఆయన పోరాడింది పండితుల కోసం కాదు, పిల్లల చదువు కోసం.  పిల్లవాడి యాసను గుండ్రంలో దిద్దే టీచర్లను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. "తేలికైపోద్ది"ని "తేలికవుతుంది" అని దిద్దితే, పిల్లవాడు మర్నాటి నుంచి "తేలును" దగ్గరికి పారిపోతాడు.

రెండో గుర్తు, చెప్పిన మాటలో "చూశాను", "వేశాను", "తీశాను" లాంటి పని మాటలు ఉండటం. మూడో గుర్తు, కనీసం ఒకరిద్దరు తెలిసింది కాక, తెలియంది చెప్పడం. ఎవరికీ ఏ సందేహమూ లేని గుండ్రం జరిగిందంటే నేను కంగారు పడేవాణ్ని.

గుండ్రాన్ని చంపేసేవి కూడా చెబుతాను. అన్నిటికన్నా ముందు మార్కులు. కొన్నేళ్ల క్రితం పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర "నేను ఇవి చేయగలనా?" అని ఒక పట్టిక ఉండేది. అవును, కాదు అని గుర్తు పెట్టుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ ఆ పట్టికను టీచరు చూస్తారని తెలిశాక పిల్లలు గబగబా అన్నిటికీ "అవును" కొట్టేసేవారు. గుండ్రంలో చెప్పినదానికి మార్కులు వేస్తే సరిగ్గా అదే జరుగుతుంది. రెండోది, ఇంటి గుట్టు. "ఈ వేళ నీకు ఏమనిపించింది" అని పొడిగించి పొడిగించి అడిగితే, పిల్లలు నలుగురి ముందు చెప్పుకోకూడనివి చెప్పేసి తర్వాత బాధపడతారు. అడగాల్సింది చేసిన పని గురించి మాత్రమే. మూడోది, టీచరు చివరి ఉపన్యాసం. 8 నిమిషాల వరస అయ్యాక మిగిలే 3 నిమిషాల్లో, నల్లబల్ల మీద రాసినవి పైకి చదివి వినిపించాలి, అంతే. "కాబట్టి పిల్లలూ, దీన్నిబట్టి మనకు తెలిసేదేమంటే" అని మొదలు పెట్టామా, పిల్లలు చెప్పిందంతా ఉత్తదే అయిపోతుంది.

హద్దులూ ఉన్నాయి. 60 మంది ఉన్న తరగతిలో ఒకే గుండ్రం నడవదు. వంతు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. అప్పుడు పది పన్నెండు మందికో గుండ్రం చేసి, ఒక్కో రోజు టీచరు ఒక్కో గుండ్రంలో కూర్చోవాలి. ఒకటి, రెండు తరగతుల పసివాళ్లకి "దేన్ని చూసి తెలిసింది" అన్న ప్రశ్న అందదు. వాళ్లని వస్తువు పట్టుకుని చూపించమనాలి. గింజ చూపించి "ఇది పైకొచ్చింది" అంటే చాలు.

ఇప్పుడు శనివారం నో బ్యాగ్ డే అంటే టీచర్లందరికీ తెలుసు. ఆ రోజు పుస్తకాల సంచి ఉండదు, పనులే. మొక్కలు నాటిస్తారు, ఆటలాడిస్తారు, ధవళేశ్వరం తీసుకెళ్లి బ్యారేజీ, కాటన్ మ్యూజియం చూపిస్తారు. గంట కొట్టేదాకా పని నడుస్తుంది, గంట కొట్టగానే పిల్లలు పరుగెడతారు. ఆ పరుగులో ఎన్ని తేలిన గుడ్లు ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతున్నాయో!

నా తోటి ఉపాధ్యాయులకి, సెలవుల్లో పిల్లలతో శిబిరాలు నడిపే యువకులకి నా మనవి ఒక్కటే. వచ్చే శనివారం గంటకు 15 నిమిషాల ముందు పని ఆపించండి. నేలమీద కూర్చోండి. ఒక నిమిషం ఊరుకోండి. "తర్వాత" అన్న పిల్ల దగ్గరికి బొంగరాన్ని మళ్లీ ఒకసారి పంపండి. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసి, సోమవారం దాకా చెరపకండి.